జిమ్ ప్రోగ్రెస్ ఫొటోకి క్యాప్షన్: ఊపు రావాలి, ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

నా ఫొటో, నా కష్టం. కింద రాసుకున్న రెండు మాటలకి వేరేవాళ్లు ఎందుకు బాధపడాలి?

కష్టపడ్డారు, చూపించుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. చూడాల్సింది ఒక్కటే: మీ వాక్యంలో ఎవరున్నారు? "ఆరు నెలలుగా వారానికి మూడు రోజులు వెళ్తున్నాను" అని రాస్తే ఆ వాక్యంలో మీరే ఉన్నారు. చదివే మనిషికి దూరంగా నిలబడి చూసే వీలుంది, తనకి పనికొచ్చేది ఏదైనా ఉంటే తీసుకుంటారు. "సాకులు మానేస్తే ఎవరైనా చేయొచ్చు" అని రాస్తే మీరు అందులోంచి తప్పుకున్నారు, చదివేవాళ్లు లోపలికి వచ్చారు, అదీ సాకులు చెప్పేవాళ్లుగా వచ్చారు. ఆ మనిషి పసిబిడ్డ తల్లి కావచ్చు, రాత్రి డ్యూటీలు చేసేవారు కావచ్చు, థైరాయిడ్ మందులు వాడుతున్నవారు కావచ్చు. మీ ఉద్దేశం వాళ్లని అనడం కాకపోయినా వాక్యం మాత్రం వాళ్లనే అంటోంది.

అందుకే క్యాప్షన్ రాశాక ప్రతి వాక్యానికీ కర్త ఎవరో వెతకండి. "నేను" అయితే దాదాపు ఎప్పుడూ ఫర్వాలేదు. "మీరు", "ఎవరైనా", "చాలామంది", "కొందరు" అయితే ఆగి ఇంకోసారి చదవండి. నాకు తెలిసినంతలో ఇబ్బందిపెట్టే క్యాప్షన్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క పరీక్షకే దొరికిపోతాయి.

పాత ఫొటోలో ఉన్నది నేనే కదా. నన్ను నేను తిట్టుకుంటే ఎవరికి నష్టం?

చాలామంది గమనించకుండా రాసేది ఇక్కడే. "అప్పుడు ఎంత అసహ్యంగా ఉండేదాన్నో", "ఈ గుమ్మడికాయని గుర్తుపట్టారా", "ఆ బద్ధకస్తుడు చచ్చిపోయాడు" లాంటివి. రాసేవాళ్లకి అవి తమ మీద తాము వేసుకున్న మాటలు. కానీ ఎడమవైపు ఫొటోలో మీకున్న శరీరం ఇవాళ మీ పోస్ట్ చూస్తున్న ఎవరో ఒకరికి ఉంది. అదే పొట్ట, అవే చేతులు, అదే బరువు. ఆ శరీరాన్ని అసహ్యమని మీరు పేరు పెట్టారు, వాళ్లు చదివారు. రేపు మిమ్మల్ని కలిసినప్పుడు "నన్ను చూసినా ఈవిడకి అలాగే అనిపిస్తుందేమో" అనుకోవడం సహజం. దగ్గరి స్నేహితులకి ఈ మాటలు ఇంకా ఎక్కువ తగులుతాయి, ఎందుకంటే మీరు వాళ్లని రోజూ చూస్తారని వాళ్లకి తెలుసు.

ఇంకో సంగతి. మొదటిరోజు భయపడుతూ జిమ్ గుమ్మం దాటి లోపలికి వెళ్లింది ఆ పాత ఫొటోలోని మనిషే. కుడివైపు ఫొటోలో కనిపించేదంతా ఆ మనిషి మొదలుపెట్టిన పనే. అందుకని పాత ఫొటో గురించి రాయాలంటే చేసిన పని రాయండి: "ఈ ఫొటో తీసిన వారమే చేరాను. ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలకే ఆయాసం వచ్చేది." ఇందులో దాచిందేమీ లేదు, తిట్టు కూడా లేదు. శరీరం ఎలా కనబడిందో చెప్పే విశేషణాన్ని తీసేసి, ఆ రోజుల్లో ఏం చేయగలిగేవారో, ఏది కష్టంగా ఉండేదో రాస్తే చాలు.

"నేను చేయగలిగితే మీరూ చేయగలరు" అనడం మంచి మాటే కదా?

మంచి మనసుతో అనే మాటే, కానీ పూర్తిగా నిజం కాదు. వ్యాయామానికి శరీరాలు స్పందించే తీరులో ఎంత తేడా ఉంటుందో 2005లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూపించింది. 585 మంది స్త్రీ పురుషులకి 12 వారాలపాటు ఒక చేతికి ఒకే రకమైన శిక్షణ ఇచ్చారు. చివర్లో కొలిస్తే కొందరి కండ సైజు కొంచెమైనా పెరగలేదు, కాస్త తగ్గినవాళ్లు కూడా ఉన్నారు. మరో కొసన 59 శాతం దాకా పెరిగినవాళ్లున్నారు. బలం విషయంలో అయితే అసలు పెరగనివాళ్ల దగ్గర్నుంచి 250 శాతం పెరిగినవాళ్ల దాకా ఉన్నారు. అందరిదీ ఒకే ప్రోగ్రాం.

కాబట్టి మీకు ఆరు నెలల్లో కనిపించిన మార్పు ఇంకొకరికి అంతే శ్రద్ధతో చేసినా కనిపించకపోవచ్చు. వాళ్లు మీ వాక్యం చదివి "అయితే లోపం నాలోనే ఉంది" అనుకుంటారు. "మీరూ చేయగలరు" అనే మాటకి బదులు మీరు వేసిన మొదటి అడుగు ఏమిటో చెప్పండి. ఫలితం అందరికీ ఒకేలా రాకపోయినా మొదటి అడుగు మాత్రం చాలామందికి అందుబాటులో ఉంటుంది.

మరి ఇవన్నీ తీసేస్తే క్యాప్షన్ చప్పగా అయిపోదా? ఊపు ఎక్కడినుంచి వస్తుంది?

ఎదుటివాళ్లు తమ జీవితంలో పెట్టుకోగలిగే ఒక్క వివరం నుంచి వస్తుంది. "క్రమశిక్షణే అన్నీ" చదివి ఎవరూ జిమ్‌కి వెళ్లరు. "పొద్దున లేవడం నా వల్ల కాలేదు, అందుకే ఆఫీసు నుంచి ఇంటికి రాకుండా నేరుగా వెళ్లడం మొదలుపెట్టాను. బ్యాగు ముందురోజు రాత్రే సర్దుకునేదాన్ని" అని చదివితే మాత్రం ఒకరికి ఆలోచన పుడుతుంది. అది పని చేసే వివరం. అలాంటివి మీ దగ్గర తప్పకుండా ఉంటాయి: ఎన్ని రోజులు, ఎంతసేపు, ఏది మానేశారు, ఏది కుదరలేదు, మానేశాక మళ్లీ ఎలా మొదలుపెట్టారు. ఈ చివరిది నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది. చూసేవాళ్లలో చాలామంది ఒకసారి మొదలుపెట్టి ఆపేసినవాళ్లే. మధ్యలో గ్యాప్ వచ్చిందని, తిరిగి వెళ్లిన మొదటి వారం తక్కువ బరువులతో సరిపెట్టుకున్నానని మీరు రాస్తే వాళ్లకి తలుపు తెరిచినట్టే.

మీకు కలిసొచ్చినవి కూడా చెప్పండి. పిల్లల్ని చూసుకునే అమ్మ, వేళలు మార్చుకోనిచ్చిన ఆఫీసు, ఓపికగా నేర్పిన ట్రెయినర్. ఇవి చెబితే మీ కష్టం విలువ తగ్గదు. ఇవేవీ లేనివాళ్లు మీతో పోల్చుకుని తమని తాము నిందించుకోరు.

ఒక ఉదాహరణ తీసుకుని మార్చి చూపిస్తారా?

తప్పకుండా. ఒకతని మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉందనుకుందాం:

"అప్పుడు: లావు, బద్ధకం, అసహ్యం. ఇప్పుడు: మీరే చూడండి! 14 నెలల్లో 11 కిలోలు తగ్గాను. నాకూ ఉద్యోగం ఉంది, నాకూ ఇల్లుంది, అయినా టైం దొరికింది. నేను చేయగలిగితే మీరెందుకు చేయలేరు? సాకులు చెప్పేవాళ్లు ఎప్పటికీ అక్కడే ఉంటారు."

మొదటి వాక్యంలో మూడు తిట్లున్నాయి. లావు, బద్ధకం పక్కపక్కన పెట్టడంతో లావుగా ఉన్నవాళ్లంతా బద్ధకస్తులని చెప్పినట్టయింది. మూడూ తీసేద్దాం. మూడో వాక్యంలో కిలోలు తగ్గడం ఒక్కటే ఫలితంగా కనబడుతోంది. అతన్ని అడిగితే నిజంగా సంతోషపెట్టింది స్క్వాట్ అని చెబుతాడు: మొదట్లో 20 కిలోల ఖాళీ బార్‌తోనే కాళ్లు వణికేవి, ఇప్పుడు 70 కిలోలతో 5 రెప్స్ చేస్తున్నాడు. అదే రాద్దాం. "నాకూ ఉద్యోగం ఉంది" అనేది కనబడని ఎవరితోనో వాదన. ఆ వాదన తీసేసి, టైం ఎలా దొరికిందో చెబుదాం. చివరి రెండు వాక్యాల్లో అతను లేడు, చదివేవాళ్లే ఉన్నారు, కాబట్టి అవి పోతాయి. పైగా అతను చెప్పని సంగతి ఒకటుంది. ఈ 14 నెలల్లో మోకాలి నొప్పితో 3 నెలలు జిమ్‌కే వెళ్లలేదు. చూసేవాళ్లకి అన్నిటికంటే పనికొచ్చేది అదే.

మార్చాక:

"ఈ రెండు ఫొటోల మధ్య 14 నెలలు. అందులో 3 నెలలు మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉన్నాను. మొదట ఖాళీ బార్‌తో స్క్వాట్ చేస్తే కాళ్లు వణికేవి. ఈ వారం 70 కిలోలతో 5 రెప్స్ వచ్చాయి, ఆ ఆనందం చెప్పుకోవాలని ఈ పోస్ట్. నాకు కుదిరిన పద్ధతి ఇది: వారానికి మూడే రోజులు, ఒక్కోసారి 45 నిమిషాలు, ఒక రోజు తప్పిపోతే దాన్ని తర్వాతి రోజుకి కలపకుండా వదిలేయడం. గ్యాప్ తర్వాత మళ్లీ ఖాళీ బార్ నుంచే మొదలుపెట్టాను. రెండో ఫొటో వర్కౌట్ అవగానే తీసింది."

ఇది మొదటిదానికంటే కొంచెం పొడవు, ఫర్వాలేదు. గర్వం ఎక్కడా తగ్గలేదు గమనించండి. 70 కిలోలు అక్కడే ఉన్నాయి, ఆనందం కూడా అక్కడే ఉంది.

"వర్కౌట్ అవగానే తీసింది" అని ఎందుకు చెప్పాలి? అది అవసరమా?

అవసరమని నా అభిప్రాయం. సెట్లు పూర్తవగానే కండల్లోకి రక్తం, ద్రవం ఎక్కువగా చేరి అవి ఉబ్బుతాయి. జిమ్‌లో దీన్నే పంప్ అంటారు. కొద్ది గంటల్లో అది దిగిపోతుంది. తలపైన లైటు ఉంటే కండల గీతల కింద నీడలు పడి ఇంకా స్పష్టంగా కనబడతాయి, ఎదురుగా పడే లైటులో అదే శరీరం నున్నగా కనబడుతుంది. పొద్దున ఏమీ తినకముందు పొట్ట సన్నగా, రాత్రి భోజనమయ్యాక ఉబ్బుగా ఉంటుంది. భుజాలు వాల్చి, పొట్ట వదిలేసి తీసిన ఫొటో పక్కన నిటారుగా నిలబడి పొట్ట బిగబట్టి తీసిన ఫొటో పెడితే, ఒకే రోజు తీసినా నెలల తేడా ఉన్నట్టు కనబడుతుంది.

ఇది చూసేవాళ్లకి తెలియదు. వాళ్లు రాత్రి భోజనమయ్యాక బాత్‌రూమ్ అద్దంలో తమని చూసుకుని, దాన్ని మీ పంప్ ఫొటోతో పోల్చుకుంటారు. ఒక్క చిన్న వాక్యం ఆ పోలికని చాలావరకు సరిచేస్తుంది. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే రెండు ఫొటోలూ ఒకే చోట, ఒకే వేళ, ఒకే లైటులో, కెమెరాని అంతే దూరంలో పెట్టి, మామూలుగా నిలబడి తీయడం. అలా తీస్తే వివరణ కూడా అక్కర్లేదు. మీ మార్పు నిజంగా ఎంతో మీకూ తెలుస్తుంది.

బరువు, నడుము కొలత, క్యాలరీలు రాయొచ్చా?

ఎత్తిన బరువు హాయిగా రాయండి. శరీర బరువు, నడుము కొలత, రోజుకి ఎన్ని క్యాలరీలు తిన్నారు అనేవి క్యాప్షన్‌లో పెట్టకపోవడమే మంచిది. తిండి విషయంలో మానసికంగా ఇబ్బందిపడుతున్నవాళ్లు, దాన్నుంచి కోలుకుంటున్నవాళ్లు ఆ అంకెలని వెంటనే తమకి లక్ష్యంగా పెట్టుకునే ప్రమాదం ఉంది. మీ క్యాలరీలు మీ ఎత్తుకి, వయసుకి, పనికి సరిపోయినవి, ఇంకొకరికి అవి ప్రమాదకరంగా తక్కువ కావచ్చు. ఎవరైనా ప్రత్యేకంగా అడిగితే విడిగా మాట్లాడుకోవచ్చు.

నిజానికి శరీర బరువు అంత నమ్మదగిన కొలత కూడా కాదు. ఉప్పు, నీళ్లు, నెలసరి, ముందురోజు తిన్న పిండిపదార్థాలని బట్టి ఒకటి రెండు కిలోలు రోజుల్లోనే అటూ ఇటూ అవుతుంది.

నాలో ఇంకా పైకి కనబడే మార్పు రాలేదు. అయినా పోస్ట్ పెట్టొచ్చా?

అలాంటి పోస్టులు ఇంకా రావాలని నా కోరిక. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాల వల్ల వస్తుంది. ఉన్న కండని ఇంకా బాగా వాడుకోవడం శరీరం నేర్చుకుంటుంది. కండ సైజు కంటికి కనబడేలా పెరగడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. అంటే ఫొటోలో ఏమీ లేకపోయినా లోపల చాలా జరుగుతోంది. "అద్దంలో తేడా లేదు. కానీ మోకాళ్ల మీద చేసే పుషప్స్ మూడు నుంచి పదకి వచ్చాయి" అని రాయండి. ఇది చదివి ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఆరో వారంలో అద్దం చూసి మానేద్దామా అనుకుంటున్నవాళ్లని ఇలాంటి మాట ఆపుతుంది.

క్యాప్షన్ జాగ్రత్తగా రాస్తే ఇక ఎవరికీ బాధ కలగదా?

కలగదని మాట ఇవ్వలేం. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీలో మరికా టిగ్‌మన్, మియా జకార్డో 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థినులకి ఇన్‌స్టాగ్రామ్ ఫిట్‌నెస్ ఫొటోలు, మరికొందరికి ప్రయాణాల ఫొటోలు చూపించారు. ఫిట్‌నెస్ ఫొటోలు చూసినవాళ్లకి వ్యాయామం చేయాలన్న కోరిక ఎక్కువ కలిగింది. అదే సమయంలో తమ శరీరం మీద అసంతృప్తి కూడా పెరిగింది, మనసు కూడా దిగాలు పడింది. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి జరగొచ్చు. "మీ ఫొటో చూసి స్ఫూర్తి వచ్చింది" అని చెప్పిన మనిషి లోపల కుంగి ఉండొచ్చని దీన్ని బట్టి అర్థం చేసుకోవాలి.

టిగ్‌మన్ బృందం 2020లో క్యాప్షన్లనే పరీక్షించింది. సన్నగా ఉన్న అమ్మాయిల ఫొటోల కింద, మామూలు సైజు అమ్మాయిల ఫొటోల కింద శరీరాన్ని ప్రేమించమనే మాటలు పెట్టి చూశారు. అసంతృప్తి విషయంలో ఆ మాటల వల్ల తేడా రాలేదు. తేడా తెచ్చింది ఫొటోనే. కాబట్టి కండలు బిగించి అద్దం ముందు తీసిన ఫొటో కింద "అన్ని శరీరాలూ అందమైనవే" అని రాస్తే ఆ మాట పెద్దగా పని చేయదు, కొందరికి అది నటనలా కూడా అనిపిస్తుంది. మంచి క్యాప్షన్ కొత్త గాయం చేయకుండా ఆపగలదు, పనికొచ్చే వివరం అందించగలదు. ఫొటో చేసే పనిని మార్చాలంటే ఫొటోనే మార్చాలి: బరువు ఎత్తుతూ ఉన్న ఫొటో, డెడ్‌లిఫ్ట్ వీపు వంపు అప్పుడెలా ఉంది ఇప్పుడెలా ఉంది చూపించే రెండు ఫ్రేములు, లేదా ఒక రెప్ చిన్న వీడియో. శరీరం ఏం చేస్తోందో చూపించే ఫొటో దొరికితే క్యాప్షన్ దానంతట అదే పని గురించి వస్తుంది.

సలహాలు కూడా ఇవ్వొచ్చా?

"నేను ఇలా చేశాను" వరకు ఇవ్వండి. "ఇలా చేయండి" అనే ముందు మీరు ట్రెయినరా, చదివేవాళ్ల మోకాలు, వెన్ను, గుండె సంగతి మీకు తెలుసా అని ఆలోచించండి. మందులు, సప్లిమెంట్లు, ఉపవాసాలు క్యాప్షన్‌లో సిఫారసు చేయొద్దు.

ఎవరైనా "ఇవి చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తోంది" అని మెసేజ్ పెడితే?

వెంటనే "నువ్వూ మొదలుపెట్టు, నేను సాయం చేస్తా" అనకండి. వాళ్లు అడిగింది జిమ్ ప్లాన్ కాదు, మీ మాటలో "ఇప్పుడున్నట్టు ఉంటే కుదరదు" అనే అర్థం మళ్లీ వినబడుతుంది. "చెప్పినందుకు థ్యాంక్స్. కొన్నాళ్లు నా పోస్టులు మ్యూట్ చేసుకో, నేనేమీ అనుకోను" అనడం నిజమైన సాయం. మ్యూట్ చేసినట్టు మీకు తెలియదు కాబట్టి వాళ్లకి మొహమాటం ఉండదు. తర్వాత జిమ్ ఊసు లేకుండా మామూలుగా మాట్లాడండి. తిండి మానేస్తున్నారనో, తిన్నది కక్కుకుంటున్నారనో అనిపిస్తే వాళ్లు నమ్మే మనిషితో, డాక్టర్‌తో మాట్లాడేలా చూడండి.

నేను ట్రెయినర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్ల ఫొటోలు పెట్టేటప్పుడు?

ఫొటోకి, క్యాప్షన్‌కి విడివిడిగా అనుమతి అడగండి. ఫొటోకి సరేనన్నవాళ్లు "ముగ్గురు పిల్లల తర్వాత పాడైన శరీరం" అనే మాటకి సరేననకపోవచ్చు. వీలైతే వాళ్ల మాటల్లోనే రాయించండి. తర్వాత తీసేయమంటే కారణం అడగకుండా తీసేస్తామని ముందే చెప్పండి. కొత్తగా చేరాలనుకునేవాళ్లు మీ పేజీలో వెతికేది ఫలితాలు మాత్రమే అనుకోవద్దు. మొదటిరోజు తమ ఫొటో మీ చేతిలో ఉంటే దాని కింద మీరేం రాస్తారో కూడా చూస్తారు.

బరువు మళ్లీ పెరిగింది. ఆ ఫొటో పెట్టాలనుంది, ఏం రాయాలి?

జరిగింది రాయండి. "ఎడమవైపు రెండేళ్ల కిందటిది, కుడివైపు ఇప్పటిది. మధ్యలో ఇంట్లో జబ్బు, జిమ్ ఆగిపోయింది. పోయిన నెల మళ్లీ చేరాను" అంటే చాలు. క్షమాపణ చెప్పొద్దు, "మళ్లీ పాత నన్ను తెచ్చుకుంటా" అని శపథాలూ అక్కర్లేదు.

ఫొటో వెనకాల వేరేవాళ్లు పడ్డారు. ఫర్వాలేదా?

అనుమతి లేకపోతే కత్తిరించండి, లేదా మొహాలు మసకచేయండి. బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేకపోయినా ఫొటో తీయొద్దు.

హ్యాష్‌ట్యాగ్స్ గురించి?

క్యాప్షన్‌కి పెట్టిన పరీక్షే వీటికీ పెట్టండి. క్యాప్షన్ అంతా శ్రద్ధగా రాసి, చివర "నో ఎక్స్‌క్యూజెస్" అని ట్యాగ్ తగిలిస్తే, తీసేసిన వాక్యం మళ్లీ వచ్చి కూర్చున్నట్టే. మీరు చేసిన వ్యాయామం పేరు, జిమ్‌లో మీ స్థాయి చెప్పే ట్యాగ్ రెండో మూడో పెడితే అదే దశలో ఉన్నవాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.